అట్టకు అంటించిన డిగ్రీ

పాశర్లవారిలంకలో బి.ఎస్సీ. ఫస్టుక్లాసులో ప్యాసైన మొదటి మనిషి గ్రంధి కన్యకాపరమేశ్వరి. మొదటి ఆడపిల్ల అని కాదు, మొదటి మనిషి. ఈ సంగతి ముందుగా చెప్పుకోవాలి. ఎందుకంటే తరవాత జరిగిన దానివల్ల ఊళ్లో చాలామంది దీన్ని మరిచిపోయారు.

ఆ పిల్ల మామూలు పిల్ల కాదు. ఏడో తరగతి పబ్లిక్ పరీక్షలో తాలూకాకి ఫస్టు. హైస్కూలుకి రోజూ పాయ దాటి వెళ్లి, వరదల్లో పడవ కట్టేసిన రోజుల్లో అవతలి గట్టున తెలిసినవాళ్లింట్లో ఉండి చదివింది. రాజమండ్రి ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ మెయిన్‌గా డిగ్రీ చేసింది. అక్కడి కెమిస్ట్రీ లెక్చరర్ మీనాకుమారిగారు ఒకసారి, "నువ్వు ఎమ్మెస్సీ చేసి రా. నేను రిటైరయ్యేనాటికి ఈ కుర్చీ నీదే" అన్నారు. ఆ మాట కన్యక మనసులో పడిపోయింది. కెమిస్ట్రీ ఎమ్మెస్సీ, తరవాత లెక్చరర్ పని. ఇంకో దారి ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. 1982 జూన్‌లో యూనివర్సిటీ ఎంట్రెన్సు రాస్తే ఇరవై ఎనిమిదో ర్యాంకు వచ్చింది. ఆ ర్యాంకుకి కెమిస్ట్రీ సీటు ఖాయమని మీనాకుమారిగారే చెప్పారు.

ఊరు గర్వపడింది. పడాలి కూడా. పంచాయతీ ప్రెసిడెంటు చంద్రరావుగారు సభ పెట్టించారు. కన్యక నాన్న జోగేశ్వరరావుకి ఊళ్లో కిరాణా కొట్టు. సభకి రెండు రోజుల ముందు చంద్రరావుగారు కొట్టుకి వచ్చి, "మీ అమ్మాయి డిగ్రీ కాయితం ఓసారి ఇవ్వండి, పనుంది" అని పట్టుకెళ్లారు. సభలో దాన్నే అద్దాల ఫ్రేములో బిగించి, పూలదండ వేసి, అందరి ముందూ తండ్రి చేతుల్లో పెట్టారు.

సభ అయ్యాక కన్యక చంద్రరావుగారిని మెల్లిగా అడిగింది.

"అది ఒరిజినల్ ప్రొవిజనల్ సర్టిఫికెట్టండీ. కాపీ పెట్టించినా సరిపోయేది కదండీ."

"కాపీకి ఎవరైనా ఫ్రేము కడతారా అమ్మా? చూసినోళ్లు నవ్విపోరూ?" అన్నారు చంద్రరావుగారు. "రాజమండ్రిలో దేవుడి పటాలు కట్టేవాడి చేత కట్టించాను. నీ మనవలు కూడా చూసుకుంటారు."

ఆ ఫ్రేము కొట్లో గల్లాపెట్టె పైన ఎక్కింది. ఉప్పుకి వచ్చినవాళ్లూ, కిరసనాయిలుకి వచ్చినవాళ్లూ తల పైకెత్తి చూసేవారు. జోగేశ్వరరావు పొద్దున్నే దేవుడి పటాలతో పాటు దానికీ అగరొత్తి తిప్పేవాడు. ఇంటర్వ్యూ కార్డు వచ్చాక, ఒరిజినల్స్ అన్నీ తీసుకురావాలని అందులో రాశారని కన్యక చెబితే, "బయల్దేరేటప్పుడు తీద్దాంలేవే, అప్పటిదాకా ఉండనీ" అన్నాడు. ఆ పిల్ల తండ్రి ముచ్చట కాదనలేకపోయింది.

బయల్దేరే రోజు, ఆదివారం మధ్యాహ్నం, ఫ్రేము విప్పితే అద్దం వచ్చింది, కాయితం రాలేదు. దేవుడి పటాలు కట్టేవాడు పటాన్ని కట్టినట్టే దీన్నీ కట్టాడు. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా అందులో కాస్త మైలుతుత్తం కలిపి, సర్టిఫికెట్టు వీపంతా అట్టకి అంటించేశాడు. లాగితే చిరిగేలా ఉంది. సాయంత్రం రాజమండ్రిలో రైలందుకోవాలి. ముందు వైపు అక్షరాలన్నీ శుభ్రంగానే కనబడుతున్నాయి కదా అని అట్టతో సహా సంచిలో పెట్టుకుంది.

తోడు వస్తానని మాటిచ్చింది కూడా చంద్రరావుగారే. బయల్దేరే వేళకి ఆయన పాలేరు వెంకన్న ఇంటికి వచ్చి, "మంత్రిగారు అమలాపురం వస్తున్నారంటమ్మా, అయ్యగారు రాలేరంట" అని చెప్పి వెళ్లిపోయాడు. జోగేశ్వరరావు వారం కిందట కాలు విరిగి కట్టుతో ఉన్నాడు.

"మానేద్దామా అమ్మా?" అన్నాడు.

"మానేస్తే సీటు మానేసినట్టే నాన్నా" అని వెళ్లి బస్సెక్కింది.

తెల్లవారేసరికి యూనివర్సిటీ ఉన్న నగరంలో దిగింది. సిటీ బస్సులో యూనివర్సిటీకి చేరి, ఆఫీసు ముందు వరండాలో నిలబడ్డ జనాన్ని చూసి కాసేపు అక్కడే ఆగిపోయింది. ప్రతి పిల్లకీ ఒక తండ్రో, అన్నో, మేనమామో ఉన్నారు. ఒకళ్లు క్యూలో నిలబడితే ఒకళ్లు వెళ్లి కనుక్కొచ్చేవారు. కన్యకకి రెండు పనులూ తనే చెయ్యాల్సి వచ్చింది.

పద్ధతి ఏమిటో పక్కనున్న ఒక పెద్దమనిషి చెప్పాడు. ఆయన జంగారెడ్డిగూడెం పొగాకు వ్యాపారి, చలపతి, కూతుర్ని తీసుకొచ్చాడు.

"ముందిక్కడ కాయితాలు చూస్తారమ్మా. బాగుంటే చీటీ రాసిస్తారు. ఆ చీటీతో హాల్లోకెళ్తే ర్యాంకుల వారీగా పిలుస్తారు. సీటు రాసుకుని చలానా ఇస్తే, బ్యాంకులో కట్టి రసీదు తెచ్చి చూపించాలి. అప్పుడు గానీ అడ్మిషన్ కాదు. బ్యాంకు రెండింటికి కట్టేస్తాడు. అదీ వరస."

"చీటీ లేకుండా హాల్లోకి రానివ్వరా అండీ?"

"గుమ్మంలో ప్యూను నుంచుంటాడు. మా బావమరిదిని కూడా రానివ్వలేదు, వాడేమో లాయరు" అన్నాడాయన, అదో ఘనతలాగా.

హాలు తలుపు పక్కనే నల్లబల్ల. దాని మీద ఒక్కో సబ్జెక్టుకి మిగిలిన సీట్లు సుద్దతో రాసి ఉన్నాయి. ఒక సీటు నిండగానే హాల్లోని గుమాస్తా వచ్చి పాత అంకె చెరిపి కొత్తది వేస్తాడు. క్యూలో ఉన్నవాళ్ల కళ్లన్నీ ఆ బల్ల మీదే.

వెనకాల నుంచున్న కుర్రాళ్లు ఆమె చేతిలో అట్ట చూసి గుసగుసలాడుకున్నారు.

"ఏరా, ఆవిడ కేలండరు తెచ్చింది."

"కాదురా, పటం. ఇంటర్వ్యూ బోర్డుకి హారతిస్తుంది."

కన్యక అట్టని సంచి చాటుకి తిప్పుకుంది.

ఆమె వంతు వచ్చేసరికి హాల్లో పిలవడం మొదలైపోయింది. కౌంటరులో గుమాస్తా మార్కుల మెమోలు చూశాడు, టీసీ చూశాడు, కాండక్టు చూశాడు. పశువుల డాక్టరుగారి చేత ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టించిన ట్రూ కాపీలు వరసగా పెట్టుకున్నాడు. స్టడీ సర్టిఫికెట్లు చూసి, ఈ ప్రాంతంలో చదివిన పిల్లేనని "లోకల్" అని టిక్కు పెట్టాడు. ప్రొవిజనల్ దగ్గర ఆగిపోయాడు. అట్టని అటూ ఇటూ తిప్పాడు.

"ఇదేంటమ్మా?"

"ప్రొవిజనల్ అండీ. ఒరిజినలే అండీ."

"అది తెలుస్తోంది. వెనక ఏదీ?"

"వెనక ఏమీ ఉండదండీ, ఖాళీ కాయితమే."

"ఖాళీ అని నువ్వంటే సరిపోదు. నేను చూడాలి. ఎక్కడ సీటిచ్చినా దీని వెనకాలే ముద్ర కొడతారు, ఒకళ్లు రెండు చోట్ల సీట్లు పట్టుకోకుండా. నీకు ఇంతకుముందే ఎక్కడో ముద్ర పడలేదని నాకేం తెలుసు? ఇక్కడ సీటిస్తే నేను మాత్రం ఎక్కడ కొట్టను, ఈ అట్ట మీదా?"

"మా ఊళ్లో సన్మానం చేసి ఫ్రేము కట్టించారండీ."

"మంచి పని చేశారు" అన్నాడు గుమాస్తా నవ్వకుండా. "పక్కకి రామ్మా. తరవాత వాళ్లు."

ఆమె కదలలేదు. లోపల్నుంచి సూపరింటెండెంటుగారిని పిలిచారు. ఆయన మంచిగానే మాట్లాడాడు.

"రెండు దారులున్నాయమ్మా. మీ ప్రిన్సిపాల్ చేత ఎక్కడా చేరలేదని ఉత్తరం తెచ్చుకో. లేదా అట్ట ఊడదీసుకు రా. అట్ట మీద ముద్ర వేస్తే రేపు ఆడిట్‌లో నా ఉద్యోగం పోతుంది."

"నేనొచ్చేదాకా నా ర్యాంకు ఆపుతారా అండీ?"

"ర్యాంకు ఆగదమ్మా. మూడుసార్లు పిలుస్తారు. లేకపోతే తరవాతి ర్యాంకు. నువ్వెప్పుడొచ్చినా రానిస్తారు గానీ అప్పటికి మిగిలిన వాటిలోనే."

రాజమండ్రి వెళ్లి ఉత్తరం తెచ్చేసరికి ఈ రోజు అయిపోతుంది. కన్యక సంచి పట్టుకుని గేటు దగ్గర టీ కొట్టుకి పరుగెత్తింది. కొట్టు ఆశీర్వాదం అనే ఆయనది.

"బాబాయ్, వేణ్ణీళ్లు కావాలి, ఒక గుడ్డముక్క కూడా."

"టీ తాగవా?"

"తరవాత తాగుతాను."

కెమిస్ట్రీ చదివిన పిల్ల. మైదా అంటే పిండిపదార్థమనీ, వేడినీళ్లకి మెత్తబడుతుందనీ, ముందువైపు తడి తగిలితే సిరా పారిపోతుందనీ తెలుసు. సర్టిఫికెట్టుని బోర్లా పెట్టి, వేణ్ణీళ్లలో గుడ్డ ముంచి పిండి, అట్ట వీపు మీద మాత్రమే అద్దింది. అట్ట నానాక గోరుతో పొర లేపింది. మళ్లీ అద్దింది. మళ్లీ ఒక పొర. అట్ట మందం. పొర పొరకీ ఆగాల్సి వచ్చింది. తొందరపడితే సర్టిఫికెట్టు పోతుంది, ఆగితే ర్యాంకు పోతుంది. రెండూ తెలిసి కూడా నిదానంగానే చేసింది. అట్టంతా ఊడాక, కాయితానికి పట్టిన మైదాని వేలితో మెల్లిగా తీసింది. ఎక్కడా చిరగలేదు, ఒక్క అక్షరం చెదరలేదు. వెనకంతా మైలుతుత్తం నీలిచార మాత్రం మిగిలింది. అంత చక్కగా ఏ లేబొరేటరీలోనూ ఆమె పని చేసి ఉండదు.

"అబ్బో, నేర్పరివేనమ్మా" అన్నాడు ఆశీర్వాదం. ఆ రోజు ఆమెని మెచ్చుకున్న మనిషి ఆయనొక్కడే.

కాయితాన్ని గాలికి ఆరబెట్టుకుంటూనే వెనక్కి వచ్చింది. గుమాస్తా క్యూ తప్పించి ముందుకి రానిచ్చాడు. వెనక తిప్పి చూసి, "నీలంగా ఉందేం?" అన్నాడు.

"మైలుతుత్తమండీ."

"ముద్ర లేదు. సరే" అని చీటీ రాసిచ్చాడు.

చీటీతో హాలు దగ్గరికి వచ్చేసరికి నల్లబల్ల మీద కెమిస్ట్రీ ఎదుట సున్నా ఉంది. హాల్లోని గుమాస్తా అప్పుడే వేసి చేతులు దులుపుకుంటున్నాడు.

గుమ్మంలో చలపతి కూతురితో బయటికి వస్తున్నాడు, చేతిలో చలానా.

"నీ పేరు మూడుసార్లు పిలిచారమ్మా" అన్నాడు. "బయటికెళ్లింది, వస్తుందని నేను కూడా చెప్పాను. వినలేదు." చలానా చూపించి, "మా అమ్మాయికి ఆఖరి కెమిస్ట్రీ సీటొచ్చింది" అన్నాడు. సంతోషం దాచుకుందామని చూశాడు గానీ కుదరలేదు. ఆయన కూతురు తల దించుకుంది. ఆమె ర్యాంకు అరవై రెండు.

లోపల సీట్లిచ్చే ప్రొఫెసరుగారు కాయితం చూసి విచారపడ్డారు. "ఇరవై ఎనిమిదా? ఎక్కడికెళ్లావమ్మా?" అన్నారు. జరిగింది చెబితే విన్నారు. ఫిలాసఫీలో సీట్లున్నాయి, తీసుకుంటావా అన్నారు. వద్దంది. కెమిస్ట్రీకి వెయిటింగు లిస్టులో మొదటి నంబరు ఇచ్చారు. "ఎవరైనా డబ్బు కట్టకపోతే నీకే" అన్నారు.

అందరూ కట్టారు.

ఆ సాయంత్రమే ఆమె తిరుగు రైలెక్కింది. ఊళ్లో చంద్రరావుగారు విషయం విని, "ఆ యూనివర్సిటీ వాళ్లకి పల్లెటూరి వాళ్లంటే లోకువ. నేనే వచ్చుంటే మాట్లాడేవాణ్ణి" అన్నారు. ఇప్పటికీ అదే అంటున్నారు. కన్యక మాత్రం ఎవర్నీ ఒక్క మాట అనలేదు, తండ్రిని అసలు అనలేదు. రాజమండ్రిలో ఒక ట్యుటోరియల్‌లో తప్పినవాళ్లకి కెమిస్ట్రీ చెప్పే పనిలో చేరింది. అదే అధ్యాయం, అదే బెంచీలు, ఏడాది పొడుగునా. మీనాకుమారిగారు కూడా ఈ వేసవిలో రిటైరైపోయారు. ఆ కుర్చీలో ఇంకెవరో చేరారు.

ర్యాంకు ఒక్క ఏడాదికే పనికొస్తుంది. అందుకని మళ్లీ ఎంట్రెన్సు రాసింది. ఈసారి నలభై ఒకటి వచ్చింది. పగలంతా పాఠాలు చెప్పి రాసిన పరీక్ష, అంతకంటే ఏం వస్తుంది? అయినా మా లంకలో ఆ నలభై ఒకటి కూడా ఇంకెవరికీ రాలేదు. ఇంటర్వ్యూ కార్డు వచ్చింది. తోడెవరూ వద్దని చెప్పేసింది. యూనివర్సిటీ వరండాలో ఆమె మళ్లీ క్యూలో నిలబడబోయేది వచ్చే జులై పద్దెనిమిదో తారీఖు, సోమవారం.