మిగిలిన దీవులు

పాథాలజీ విభాగం పెద్ద డాక్టరమ్మను వెనకాల అందరూ టపాకాయ అంటారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. గాజుపలక మీద వేలిముద్ర కనిపించినా అరుస్తుంది, రంగు కాస్త పలచబడినా అరుస్తుంది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి రోగి ముఖం చూసింది తక్కువ. ఆవిడ బల్ల మీదికి వచ్చేది మనిషిలోంచి తీసిన చిన్న ముక్కే.

ఆ ఉదయం సర్జన్ ఫోన్ చేశాడు.

"అక్కా, బస్సు డ్రైవర్ క్లోమం రిపోర్టు ఇంకా పంపలేదేం? రేపు పొద్దున్నే ఆపరేషన్. ట్యూమర్ అని మీవాడు శుక్రవారమే చెప్పాడుగా."

"ఎవడు చెప్పాడు?"

"మీ జూనియర్. ఫోన్లో."

జూనియర్ ఎదురుగానే ఉన్నాడు. ఆవిడ ఫోన్ పెట్టేసింది.

"నేను చూడని స్లైడుకి నువ్వు పేరు పెట్టేశావా?"

"సర్జన్ సార్ మరీ తొందరపెట్టారు మేడమ్. ఎక్కడ చూసినా దీవులే ఉన్నాయి. హార్మోన్ కణాల ట్యూమరే అనిపించింది."

"నీకు అనిపిస్తే ఆ డ్రైవర్ కడుపు కోసెయ్యాలా?"

స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టింది. మామూలు క్లోమంలో కంటినిండా ఆసినై ఉంటాయి. ద్రాక్షగుత్తుల్లాంటి కణాల గుంపులవి. కణం అడుగు ఊదాగా, లోపలి కొస గులాబీగా ఉంటుంది. తిండిని అరిగించే ఎంజైములు ఆ గులాబీ రేణువుల్లోనే ఉంటాయి. వాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి, హార్మోన్లు చేసే కణాల పాలిపోయిన దీవి కనిపిస్తుంది. సూదితో తీసిన ఈ ముక్కలో గుత్తులు దాదాపు లేవు. వాటి చోట గట్టిపడిన మచ్చ, ఆ మచ్చలో ఇరుక్కుని దగ్గర దగ్గరగా దీవులు.

"ఏళ్ల తరబడి వాపు గుత్తుల్ని తినేసింది. దీవులు అంత తొందరగా పోవు. గోడలు కూలి స్తంభాలు మిగిలితే, ఎవడో కొత్తగా స్తంభాలు పాతాడనుకున్నావు నువ్వు. ఇన్సులిన్‌కీ, గ్లూకగాన్‌కీ విడిగా రంగులు వేయించావా?"

"లేదు మేడమ్."

"ఈ మామూలు రంగులో ఏది బీటా కణమో, ఏది ఆల్ఫానో నాకే కనిపించదు. నీకు కనిపించిందా?"

అతను ఆ రంగులకి చీటీ రాయడం మొదలుపెట్టాడు. ఆవిడ మళ్లీ సర్జన్‌కు ఫోన్ చేసింది.

"థియేటర్ దొరకడమే గగనం అక్కా. వాళ్ల ఇంట్లోవాళ్లకి కూడా చెప్పేశాను."

"అయితే ఇంకోసారి చెప్పు. నా సంతకం పడేదాకా కత్తి ముట్టుకున్నావంటే మర్యాదగా ఉండదు."

సాయంత్రానికి రంగులు వేసిన స్లైడ్లు వచ్చాయి. మొదటిదాంట్లో ప్రతి దీవిలోనూ ఎక్కువ కణాలు గోధుమరంగు తేలాయి. అవి ఇన్సులిన్ చేసే బీటా కణాలు. రెండోదాంట్లో అంతకంటే తక్కువ కణాలు, చాలావరకు అంచుల్లో. అవి రక్తంలో చక్కెరను పెంచే గ్లూకగాన్ చేసే ఆల్ఫా కణాలు. ట్యూమరైతే సాధారణంగా ఒకే రకం మూకుమ్మడిగా పెరిగి ఉండేది. ఇక్కడ రెండు రకాలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. నాళాల్లోనూ క్యాన్సర్ కణాలు లేవు.

ఊపిరి పీల్చుకోవాల్సింది పోయి ఆవిడకు ఒళ్లు మండింది. శుక్రవారం నుంచి ఒక ఇల్లు ఈ మాటను మోస్తోంది. జూనియర్‌ను వెంటబెట్టుకుని వార్డుకు నడిచింది.

డ్రైవర్ మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. భార్య ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంది. ట్యూమర్ కాదు, ఆపరేషన్ వద్దని చెప్పగానే ఆమె లేచి నిలబడింది.

"ఆయన నిన్న ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాడు. మా అత్తగారు తిండి మానేసింది. ఇప్పుడొచ్చి కాదంటారా? ఎవరండీ అన్నది?"

"నేనేనండి," అన్నాడు జూనియర్.

"నేను చూడకుండా మాట బయటికి పోయింది. తప్పు నాది," అంది డాక్టరమ్మ.

"మీ ఇద్దరూ పంచుకోండి, నాకేం? రేపు మళ్లీ ఉందని అనరని నమ్మకమేంటి?"

డాక్టరమ్మ తలుపు వైపు తిరిగింది. "రండి, చూపిస్తాను," అంది.

ఆమె చెప్పులు టకటకలాడించుకుంటూ వెంట వచ్చింది. ల్యాబులో మైక్రోస్కోపు ముందు కుర్చీలో కూర్చుని రెండు కళ్లూ గొట్టాలకు ఆనించింది.

"ఇవి మా ఆయనవేనా?"

"ఆయనవే. గోధుమరంగువి చక్కెరని చూసుకునేవి. పక్కన ఊదాగా ఉన్న గుత్తి తిండిని అరిగించేది."

"ఇంతేనా? ఇంకెక్కడా లేవే!"

"మేం తీసిన ముక్కలో గుత్తులు ఇంతే మిగిలాయి. అందుకే ఆయన తిన్నది ఒంటికి పట్టక విరేచనంలో జిడ్డుగా పోతోంది. భోజనంతో పాటు ఎంజైము మాత్రలు వేసుకోవాలి. దీవులు కూడా రానురాను తగ్గొచ్చు, షుగరు చూపించుకుంటూ ఉండాలి. సూది తగలని చోటు సంగతి నేను చెప్పలేను. కొన్నాళ్లకి మళ్లీ స్కాన్ తీయిస్తాం."

"ఇంతకుముందు ఇంత సంగతి ఎవరైనా చెప్పారా మాకు!" ఆమె కళ్లు గొట్టాల మీంచి తీయలేదు. "రేపు కొయ్యరుగా?"

"కొయ్యరు."

"కాగితం మీద రాసివ్వండి. నోటిమాటలు చాలు."

డాక్టరమ్మ కలం తీసి జూనియర్ ముందు పెట్టింది.

"రాయి. నువ్వు శుక్రవారం ఏమన్నావో, ఇవాళ ఏం చూశావో రెండూ రాయి. నేను కింద సంతకం పెడతాను."