బల్లి నూనె ప్రకటన

శింగనమల చెరువు మీద ఒట్టు, అందులో నీళ్ళున్నా లేకున్నా సరే, ఇందులో ప్రతి అక్షరం నిజం. నా మాట నమ్మి బోల్తా పడినవాళ్ళు ఈ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు కాబట్టి ముందే ఒట్టేస్తున్నాను.

అనంతపురంలో నాకు గానుగ ఉంది. శనక్కాయ నూనె ఆడించి అమ్ముతాను. గానుగ మోటారు ఆయాసపడుతూంటే కొత్తది కొందామని నలభై ఐదు వేలు దాచాను. దాచినవాణ్ణి దాచినట్టు ఉండక, ఆ డబ్బు తీసుకుపోయి ఫోన్లలో ప్రకటనలు వేసే ఏజెన్సీకి మూడు నెలల ఫీజుగా కట్టాను. ప్రకటనల ఖర్చు అదనం, అది నా కార్డులోంచే పోతుంది.

"నెలకు రెండొందల ఆర్డర్లు పక్కా అన్నా. మోటార్లు రెండు కొంటావు చూడు" అని ఏజెన్సీ ఓనరు వాయిస్ మెసేజ్ కూడా పెట్టాడు.

రెండు నెలలు ఒక్క ఆర్డరూ రాలేదు. అడిగినప్పుడల్లా "అల్గారిథం ఇంకా నేర్చుకుంటాండాదన్నా" అనేవాడు. మోటారు రాకముందున్న మా గానుగెద్దు కూడా రెండు రోజుల్లో నేర్చుకునేది.

మూడో నెలలో నల్లమాడ నుంచి మా మరదలు ఫోన్ చేసింది. "ఏం బావా, బల్లులు పిండి నూనె తీస్తాండావంట?"

ఫోన్లో ఆ ప్రకటన చూస్తే నా కళ్ళు ఎర్రబడ్డాయి. నా గానుగ బొమ్మ, దాని కింద ఇంత లావు అక్షరాలు: 'స్వచ్ఛమైన బల్లి నూనె'. పల్లీ నూనె అని రాయబోయారన్నమాట. పల్లీ అనమని మాత్రం ఎవరన్నారు? ఈడ శనక్కాయ అనకపోతే ఎవడికి తెలుస్తుంది?

మరుసటి రోజే పామిడి నుంచి ఒక ముసలాయన బస్సు దిగి, ఖాళీ సీసా పట్టుకుని అంగడికి వచ్చాడు. "అప్పా, మోకాళ్ళకు బల్లి నూనె పావు లీటరు పొయ్యి" అన్నాడు. లేదంటే నమ్మలేదు. ఖరీదైన సరుకని దాచిపెట్టానంటూ మధ్యాహ్నం దాకా మెట్టు మీదే కూర్చున్నాడు.

ఆ కోపంతోనే నా భార్యను వెంటబెట్టుకుని ఏజెన్సీ మెట్లెక్కాను. ఫీజు మొత్తం వెనక్కి ఇమ్మన్నాను.

ఓనరు లాప్‌టాప్ తిప్పి చూపించాడు. "లక్షా పదివేల మంది చూసినారన్నా."

"చూసినోళ్ళు ఎన్ని లీటర్లు కొనుక్కున్నారప్పా?" అంది నా భార్య.

"ఫలితాలకు హామీ లేదని అగ్రిమెంటులో రాసుండాదక్కా. అన్న సంతకం పెట్టినాడు."

వాయిస్ మెసేజ్ వినిపించాను. "అది అమ్మేటప్పుడు అనే మాటన్నా" అన్నాడు, సిగ్గు లేకుండా. బల్ల మీద ఒక్కటి గుద్దాను. ఆ అగ్రిమెంటులోనే, ప్రతి ప్రకటనా నేను ఒప్పుకున్నాకే వేయాలని కూడా ఉంది. అది చూపించాను.

"ఒప్పుకున్నావు కదన్నా. బొటనవేలు పెట్టినావు" అని ఫోన్ నా ముక్కు మీదికి తెచ్చాడు. ఉగాదినాడు పొద్దున అతను పంపిన శుభాకాంక్షలు, వాటి కింద బల్లి నూనె బొమ్మ, దాని కింద నేను పంపిన బొటనవేలు బొమ్మ.

"అది ఉగాదికి పెట్టిన వేలప్పా!"

"ఉగాదికని యాడ రాసుండాది?"

"బల్లికని యాడ రాసుండాది?"

పక్క గదిలో పనిచేసేవాళ్ళు తొంగి చూశారు. నేను ఇంకా గొంతు పెంచుతూంటే నా భార్య చెయ్యి పట్టుకుని ఆపింది.

"వేలు సంగతి అట్లుండనీ. నెలనెలా చూసుకుంటామని పదైదు వేలు తీసుకుంటివి కదా? ఈ ప్రకటన వేసినంక దాంట్లో ఏమేం మార్చినావో చూపించు."

ప్రకటన ఖాతాలో మార్పుల చిట్టా ఉంటుందని ఆమెకు మా మరదలు చెప్పిందట. అతను తెరవక తప్పలేదు. వేసిన రోజు తప్ప ఒక్క మార్పూ లేదు. అప్పటినుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకుని ఉంటే ఆ బల్లి కనిపించేది కదా!

అతని గొంతు తగ్గింది. "ఫోన్లో నోటితో చెప్తే అది అట్ల రాసుకుండాదక్కా. మేము చూసుకోలేదు. ఇంకో నెల ఉత్తగా చేసి పెడ్తాం."

"ఇంకో నెల బల్లులా? వద్దులేప్పా. దుడ్లియ్యి."

గంట సేపు గింజుకున్నాక, చూసుకోని రెండు నెలల ఫీజు ముప్పై వేలు అక్కడే ఫోన్లో వేశాడు. మొదటి నెలది బొమ్మలు గీసిన కూలి అని ఉంచుకున్నాడు. ప్రకటనల ఖర్చు ఎటూ అతని చేతికి రాలేదు, అది పోయినట్టే. మెట్లు దిగుతూ కూడా తిట్టాను. మోటారుకు పదిహేను వేలు ఇంకా తక్కువే.

ఇక ఒట్టు వేశాను కాబట్టి చెప్పాలి. పామిడి ముసలాయన అబద్ధం. సీసా, మోకాళ్ళు, మెట్టు మీద కూర్చోవడం, అంతా నేనే కల్పించాను. ఆ ప్రకటన చూసి మా అంగడికి బల్లి నూనె కోసం గానీ, శనక్కాయ నూనె కోసం గానీ, కనీసం నవ్వడానికి గానీ ఒక్క మనిషి రాలేదు. ఆ మాట రాయడానికి మనసొప్పక ఒక ముసలాయన్ను బస్సెక్కించాను.