ముక్కలు పంచకముందే

ఛత్రినాకలో మొగులమ్మ ఇంట్లో దీపావళికి పేకాట ఉంటుంది. పందెం చింతగింజలే. నిరుడు మూడు ముక్కలాటలో వరుసలన్నిటికన్నా ఆసు-రెండు-మూడే పెద్దదని ఆమె, కాదని మరిది నర్సింగ్ పంతానికి పోయారు. అతను అన్నం తినకుండానే వెళ్లిపోయాడు.

ఈసారి ఆమె ముక్కలు పంచలేదు.

"ముందు ఇనుండ్రి. రమ్మీల జోకరే తిరిగితే ఆసులు జోకర్లు. మూడు ముక్కలల్ల ఆసు-రాజు-రాణి పెద్దది, దాని తర్వాతనే ఆసు-రెండు-మూడు. ఒప్పుకున్నోళ్లే కూసోండ్రి."

అందరూ ఒప్పుకుని కూర్చున్నారు.

ఆఖరి ఆటలో ఆమె ఆసు-రెండు-మూడు పరిచింది. నర్సింగ్ ఆసు-రాజు-రాణి చూపించి నసిగాడు.

"వదినా, పోనీ నువ్వే తీస్కో."

"నోర్ముయ్! ఆటకు ముందే ఒప్పుకున్న." గింజల కుప్పను అతని ముందుకు తోసింది. "తీస్కో. తీస్కొని అన్నానికి లే."