లోకేశ్వరి వేసిన రెండు

పళనిలో డీలర్ల మీటింగు జరిగిన రోజు నుంచి లోకేశ్వరికి ఆఫీసులో ఇంకో పేరు వచ్చింది. టార్చ్. ఆ పేరు పెట్టినవాడు నవనీతకృష్ణన్.

అప్పటికి ఆమె కోయంబత్తూరు పంపుల కంపెనీలో కొత్తగా చేరిన సర్వీస్ ఇంజనీరు. తేని దగ్గర ఒక ద్రాక్షతోటలో బోరు మోటారు మళ్ళీ మళ్ళీ కాలిపోతుంటే సీనియరయిన నవనీతకృష్ణన్‌తో పాటు ఆమెనూ పంపారు. ఆయన నీడలో కూర్చుని తోట యజమానితో కాఫీ తాగుతుండగా ఆమె ఎండలో స్టార్టర్ పెట్టె నుంచి బోరు దాకా నడిచింది. ఆ దూరానికి కేబుల్ మరీ సన్నం. మోటారు దాకా పోయేసరికి వోల్టేజీ పడిపోతోంది, కరెంటు ఎక్కువ లాగి వైండింగ్ మాడుతోంది. లావు కేబుల్ వేయించింది. ఆ మోటారు మళ్ళీ కాలలేదు.

రిపోర్టు నవనీతకృష్ణన్ పేరుతో పోయింది. మీటింగులో ఆయన్ని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. "ఆ అమ్మాయి కూడా వచ్చిందంట గదా?" అని ఎవరో అడిగితే, "వచ్చింది, టార్చ్ పట్టుకునేదానికి" అన్నాడు. హాలంతా నవ్వింది. వెనక వరసలో లోకేశ్వరి కూడా నవ్వింది. అలా నవ్వినందుకు ఆమె తనను తాను ఎప్పుడూ క్షమించుకోలేదు. ఆయన్ని అసలే క్షమించలేదు.

పగ అంటే అరిచేది కాదని ఆమె తల్లి కాంతమ్మాళ్ అనేది. "పాలు తోడేసినట్టు పెట్టుకోవాలే పాపా, కదిలిస్తే పాడవుతుంది." లోకేశ్వరి కదిలించలేదు. తిరుచ్చికి పంపితే పోయింది, సేలానికి పంపితే పోయింది. చివరికి కోయంబత్తూరు ప్రాంతానికి సర్వీస్ మేనేజరై తిరిగి వచ్చింది. నవనీతకృష్ణన్ అక్కడే, అదే కుర్చీలో ఉన్నాడు. ఇప్పుడు ఆమె కింద.

ఆ ఏడు అప్రైజల్ మొదలైంది. ముందు ఉద్యోగి తనకు తాను రేటింగ్ వేసుకోవాలి, తర్వాత మేనేజరు వేయాలి, ఆ పైన ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. ఒకటి నుంచి ఐదు దాకా. నవనీతకృష్ణన్ అన్నిటికీ ఐదు వేసుకున్నాడు. జోనల్ లీడ్ పదవి ఖాళీ అవుతోంది, అది తనకేనని అప్పటికే క్యాంటీన్‌లో చెప్పుకుంటున్నాడు.

లోకేశ్వరి అన్నిటికీ ఒకటి వేసి, తన పై అధికారి గోవిందరాజన్‌కి చూపించింది.

ఆయన కళ్ళద్దాలు పైకి తోసి చదివాడు. "ఒకటికి ఉదాహరణ?"

"పోయిన నెల డీలరుతో గొడవ పెట్టుకున్నాడు సార్."

"రేటింగ్ ఏడాదికమ్మా, పోయిన నెలకు కాదు." కాగితం వెనక్కి తోశాడు. "మీ ఇద్దరి సంగతి నాకు తెలుసు. ఇది ఇట్లే పోతే ఆయన హెచ్చార్‌కి పోతాడు, అక్కడ గెలుస్తాడు. అప్పుడు నువ్వు ఇంకోసారి టార్చ్ పట్టుకున్నట్టే."

ఆ మాట ఆమెకు లోపల దాకా దిగింది. కానీ దారీ దొరికింది. అబద్ధంతో కొడితే దెబ్బ తిరిగి తనకే తగులుతుంది. నిజంతో కొడితే ఆయనకు దాక్కునే చోటుండదు.

ఏడాది మొదట్లో ఇద్దరూ ఒప్పుకున్న లక్ష్యాలు ముందు పెట్టుకుని, ఒక్కొక్కదానికీ ఏడాది పొడవునా వచ్చిన ఫిర్యాదులన్నీ చదివింది. డీలర్లకు ఫోన్లు చేసింది. మెకానిక్కులకు శిక్షణ ఇవ్వడంలో ఆయన నిజంగా బాగా చేశాడని తేలింది. దానికి నాలుగు వేయాల్సి వచ్చింది. ఆ నాలుగు వేసేటప్పుడు పళ్ళు నూరుకుంది.

మాట్లాడుకునే రోజు మధ్యాహ్నం మీటింగు రూములో తలుపు మూసి, ఆయనకు ఎదురుగా కాకుండా పక్క కుర్చీలో కూర్చుంది. తన అంకె చెప్పలేదు.

"ముందు మీరు చెప్పండి. ఐదు ఎందుకు వేసుకున్నారు?"

నవనీతకృష్ణన్ ధీమాగా ఒరిగాడు. "ఇన్నేళ్ళ సర్వీసు. కస్టమర్లు నన్నే అడుగుతారు. ఇంకేం కావాల?"

"సర్వీసు సరే. ఈ ఏడాదిలో ఏం జరిగిందో ఒక్కొక్క లక్ష్యానికీ చూద్దాం."

ముందు శిక్షణ. ఆయన చేసినది ఆమే చెప్పింది, నాలుగని చెప్పింది. ఆయన నవ్వాడు. తర్వాత ఒకసారి బాగుచేసిన పంపు మీద మళ్ళీ వచ్చే ఫిర్యాదులు. మొత్తం రేటింగ్‌లో అన్నిటికన్నా ఎక్కువ బరువు దానికే. ప్రాంతం మొత్తంలో ఆయనవే ఎక్కువ.

"తేని పక్కనే ఇంకో తోటలో మోటారు మూడుసార్లు వైండింగ్ చేయించారు. ప్రతిసారీ 'కస్టమర్ వాడకంలో తప్పు' అని రాశారు. చివరికి కొత్తగా చేరిన సుగన్యని పంపాను. ఏం దొరికిందో తెలుసునా?"

ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు.

"సన్న కేబుల్."

నవనీతకృష్ణన్ ముఖం రంగు మెల్లగా మారింది. పక్కవాళ్ళ పనికి శాలువా కప్పించుకున్నాడే గాని ఆ పనేమిటో ఆయన ఏనాడూ నేర్చుకోలేదు. ఆ సంగతి ఆ గదిలో ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

అప్పటిదాకా తమిళంలో మాట్లాడుతున్నవాడు ఇద్దరి ఇళ్ళలోనూ మాట్లాడే తెలుగులోకి దిగాడు. "ఏమ్మా లోకేశ్వరీ, మనోళ్ళం గదా. ఇట్లా చేస్తే బాగుంటాదా?"

ఆమె తమిళంలోనే జవాబిచ్చింది. "దీనికి ఒకటి. మొత్తం మీద మీ రేటింగ్ రెండు సార్."

"నువ్వు పగ పెట్టుకున్నావు."

"పెట్టుకున్నాను" అంది లోకేశ్వరి. గొంతు పెంచలేదు. "అందుకే ఆధారం లేకుండా ఒక్క అంకె కూడా వేయలేదు. ఎక్కడ తప్పో చూపండి, మారుస్తాను."

ఆయన కాగితాలు గబగబా తిరగేశాడు. ఒకచోట వేలు పెట్టాడు. వానల్లో ఫిర్యాదులు ఆలస్యంగా తీర్చాడని రెండు వేసి ఉంది. ఆ నెలల్లో ఫ్యాక్టరీ నుంచి పంపులకు మార్చాల్సిన సీల్ కిట్లే రాలేదు. ఆమె అక్కడే స్టోర్స్‌కి ఫోన్ చేసి అడిగింది. నిజమే. రెండు కొట్టేసి మూడు వేసింది. లెక్క కట్టినా మొత్తం రెండు దగ్గరే నిలిచింది.

"మీరు ఒప్పుకోవాలని లేదు. చూసినట్టు సంతకం పెట్టి, ఒప్పుకోనని కింద రాయొచ్చు. హెచ్చార్‌కీ పోవచ్చు."

ఆయన రాశాడు, పోయాడు కూడా. హెచ్చార్ వాళ్ళు ఇద్దరినీ విడివిడిగా పిలిచి అడిగి, ఆధారాలన్నీ చూసి, రెండే ఉంచారు. జోనల్ లీడ్ సేలం మనిషికి పోయింది.

రేటింగ్ రెండు వచ్చినవాళ్ళకు మెరుగుపడే ప్రణాళిక ఒకటి వేయాలి, నెలనెలా కూర్చుని చూడాలి. నవనీతకృష్ణన్ ప్రణాళికలో మొదటిది, కేబుల్ సైజు లెక్క నేర్చుకోవడం. నేర్పడానికి ఎవరినైనా పెట్టొచ్చు. లోకేశ్వరి సుగన్యని పెట్టింది. ఆ అమ్మాయి చేరి ఏడాది కూడా కాలేదు.

"ఇది అవసరమా?" అని గోవిందరాజన్ అడిగాడు.

"ఆ పని ఆమెకే బాగా తెలుసు సార్" అంది. అది నిజం. సగం నిజం. మిగతా సగం ఆయనకూ తెలుసు, అందుకే ఇంకేమీ అడగలేదు.

మొదటి పాఠం రోజు లోకేశ్వరి పనేమీ లేకపోయినా ఆ గది ముందు నుంచి నడిచింది. అద్దంలోంచి చూస్తే సుగన్య బోర్డు మీద దూరం, కరెంటు రాస్తోంది. నవనీతకృష్ణన్ వంగి రాసుకుంటున్నాడు. ఆయన మెడ వెనక వెంట్రుకలు నెరిశాయి. జాలి వస్తుందేమోనని ఆమె కాసేపు నిలబడి చూసింది. రాలేదు.

ఇంటికి పోయి తల్లికి అంతా చెప్పింది. కాంతమ్మాళ్ ఉల్లిపాయలు తరుగుతూ వింది.

"మనసు చల్లబడిందా పాపా?"

లోకేశ్వరి నిజంగానే ఆలోచించింది. "కొంచెం. వాడు ఆ లెక్క సరిగ్గా నేర్చుకుంటే వచ్చే ఏడు నేనే మూడు వేయాల గదమ్మా. అదే కష్టంగా ఉంది."

"వేస్తావా?"

"వేస్తాను" అని, ఉల్లిపాయల పళ్ళెం తన వైపు లాక్కుంది.