మిగులంతా పంచలేమని నేను రాసిన జాబు

ఒకే ఒక్క జాబుతో రెండు వందల మంది నోళ్ళు మూయించినవాణ్ణి నేను. మా ఊరి పాల సంఘానికి కోశాధికారిగా రాసిన జాబు అది. ఏడాది మిగులంతా బోనసుగా పంచి పెట్టాలని ఊరు ఊరే వచ్చి పాలకేంద్రం ముందు నిలబడితే, రెండు పేజీలు చదివించి అందరినీ తలవంచుకుని ఇళ్ళకు పోయేట్టు చేశాను. ఆ జాబు నకలును ఆడిటరు గారు అడిగి మరీ తీసుకుపోయారు.

టీబంకు దగ్గర ఎప్పుడూ ఇట్లాగే చెబుతాను. కాగితం మీద పెట్టేటప్పుడు మాత్రం చెయ్యి కొంచెం వెనక్కి లాగుతోంది. మా సంఘంలో సభ్యులు నూటపది మంది. ఆ పొద్దు ఉన్నవాళ్ళు నలభై మంది ఉంటారేమో. వాళ్ళు వచ్చింది నా జాబు వినడానికి కాదు, రోజూలాగే పాలు పోయడానికి. ఆడిటరు గారు నకలు అడిగిన మాట నిజమే. పొద్దున తిన్న బొరుగుల ఉగ్గానికి తోడు నాలుగు బజ్జీలు మిగిలితే, దారిలో తినడానికి దాంట్లో చుట్టుకుని పోయారు. ఇక నోళ్ళు మూయించిన సంగతి ఒకటి ఉంది. మూతపడింది ఎవరి నోరో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మాది కోసిగి అవతలి పల్లె. వాన పడితే పంట, పడకపోతే సుగ్గి. సుగ్గి అంటే మా దగ్గర వలస. పత్తికో మిరపకాయలకో మూటాముల్లె కట్టుకుని గుంటూరు దిక్కు పోవడం. దీపావళి దాటితే సగం ఇళ్ళకు తాళాలు పడతాయి. ఉన్నవాళ్ళకు, పోయినవాళ్ళకు కూడా ఎంతో కొంత ఆసరాగా నిలిచింది ఎనుముల పాడే. ఎనుములంటే గేదెలు.

సంఘం పని పెద్ద చిక్కైనదేమీ కాదు. పొద్దున, సాయంత్రం పాలు పోస్తారు. మిషను వెన్న ఎంతుందో చూపిస్తుంది. దాన్ని బట్టి పదిహేను రోజులకొకసారి పాల దుడ్లు ఇస్తాం. డెయిరీ వాళ్ళు మాకిచ్చే ధరలో పాలకు పోను, జీతాలు, కరెంటు, ఇతర ఖర్చులు పోను ఏడాది చివర మిగిలిందే మిగులు. ఆడిటు అయ్యాక, దసరాకు ముందు సర్వసభ్య సమావేశంలో దాన్ని ఏం చేయాలో తేలుస్తారు. బైలా ప్రకారం నాలుగో వంతు రిజర్వు నిధికి పోవాలి. దాన్ని పంచడానికి అధ్యక్షుడికీ హక్కు లేదు, నాకూ లేదు, సమావేశానికీ లేదు. మిగతాదాంట్లో వాటా ధనం మీద కొంచెం డివిడెండు పోగా, ఎవరు ఎన్ని పాలు పోశారో దాన్ని బట్టి బోనసు ఇస్తాం.

ఆ ఏడు రిజర్వు నిధి ఒక్కటే చాలదనుకున్నాం. ముందటి ఎండాకాలం మేత దొరక్క జనం ఎనుములను సంతకు తోలారు. క్యాన్లు నిండలేదు. ఇన్ని పాలకు బండి తిప్పితే డీజిలు ఖర్చు కూడా రాదని డెయిరీ బండి రోజు విడిచి రోజు రావడం మొదలుపెట్టింది. విరిగిన పాలను నేనే దగ్గరుండి మురుగు కాలువలో పోయించాను. ఆ వాసన నెలరోజులు ముక్కులోంచి పోలేదు. ఇంకో ఎండాకాలం అట్లా అయితే సంఘానికి తాళమే. అందుకని పంచదగ్గ దాంట్లో కొంత ఆపి, ఎండాకాలంలో మేత కొని సభ్యులకు సగం ధరకు ఇద్దామని పాలకవర్గంలో అనుకున్నాం. సమావేశంలో గొడవ కాకుండా ముందే అందరికీ ఒక జాబు రాయమన్నారు.

రాశాను. మూడు సార్లు కొట్టేసి, నాలుగోసారి సాపు చేశాను. 'గౌరవనీయులైన సభ్యులకు' అని మొదలుపెట్టి, రిజర్వు నిధి ఎందుకు, మేత నిధి ఎందుకు, అన్నీ పెట్టాను. చివర 'కావున మిగులు పూర్తిగా పంపిణీ చేయరాదని నిర్ణయించడమైనది' అని ముగించాను. నిర్ణయించవలసింది సమావేశం. ఆ సంగతి నాకు తెలియదని కాదు. ఆ వాక్యం సర్కారు కాగితంలా గంభీరంగా మోగింది, ఉంచేశాను.

చదువు రానివాళ్ళు ఎక్కువ కాబట్టి మరునాడు పొద్దున పాలు పోసే వేళ సెక్రటరీ గట్టిగా చదివాడు. ఒక చేత్తో పాలు కొలుస్తూ, ఇంకో చేత్తో నా జాబు పట్టుకుని. అందరూ నిశ్శబ్దంగా విన్నారు. సగం మందికి వినపడలేదని తర్వాత తెలిసింది.

అప్పుడు వరుసలోంచి ఒకామె ముందుకొచ్చింది. ముప్పై దాటి ఉంటుంది. మా వీధి చివరి ఇల్లు. ఒకే ఎనుము. ఎంత ఎండలో అయినా నీళ్ళు కలపని పాలు పోసేది. నన్ను మామా అని పిలుస్తుంది.

"మామా, మీటింగే కాలే కదా. నిర్ణయించినోళ్ళు ఎవరు?"

"అది రాసే పద్ధతిమ్మా. మీ మేలుకే."

"మేలే కానీ. ఆ గడ్డి యెప్పుడు ఇస్తారు?"

"ఎండాకాలంలో. మార్చి, ఏప్రిల్."

"అప్పుడు నేను యాడ ఉంటా?"

నేను నవ్వాను. "నన్నడిగితే నాకేం తెలుసు? గుంటూరులో మిరపకాయలు కోస్తాంటావు."

"కదా. నేను ఈడ లేనప్పుడు నా దుడ్లతో కొన్న గడ్డి ఎవరి ఎనుము తింటాది?"

వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. నాకు చిర్రెత్తింది. ఊరుకుంటే పోయేది. "ఏం మా, నీ ఎనుమును గూడా బస్సెక్కించి గుంటూరు తీసకపోతావా యేం?" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"నా ఎనుము ఈన్నే ఉంటాది మామా, మా అత్త దగ్గర. బోనసు దుడ్లతో గడ్డి వామి వేసి పోదామనుకున్యా. మా అత్త గడ్డి కోయలేదు, కండ్లు కనపడవు. దుడ్లు తక్కువిస్తే వామి లేదు. వామి లేకుంటే ఎనుము సంతకు పోతాది. యెనిమిది నెలలు పాలు పోసింది మేము, గడ్డి తినేది ఊర్లో ఉండేటోళ్ళ ఎనుములు. ఇదేం లెక్క?"

ఒక్కరూ మాట్లాడలేదు. ఊరందరి నోళ్ళూ మూయించానని చెప్పుకునేది ఈ క్షణం గురించే. మూతపడింది నాది. ఎనుము పోతే ఆమె సంఘంలో పేరుకు మాత్రమే ఉంటుంది. పాలు పోయని సభ్యురాలికి బోనసూ లేదు, మా బైలాలో ఓటూ లేదు. ఈ సంగతి మా పాలకవర్గంలో ఒక్కరికీ తట్టలేదు. మేం తొమ్మిది మందిమి, ఎవరమూ సుగ్గికి పోయేవాళ్ళం కాదు.

ఇంటికొచ్చి మంచం మీద పడుకున్నాను. ఈ పదవిలో పన్నెండేళ్ళు. ఇంత ఇచ్చావు, అంత ఇవ్వలేదు అనే మాట వినీ వినీ చెవులు అరిగిపోయాయి. రాజీనామా రాద్దామనుకుంటే దానికీ కాగితం, కలం వెతకాలి.

"రాసినావు గదా గొప్పగా," అంది నా భార్య, చేట పక్కన పెట్టి. "ఒకసారి ఆ పిల్ల ఇంటికి పోయి చూసి రాపో."

సాయంత్రం పోయాను. వాకిట్లో ఎనుము, పక్కన గుంజకు ఒక పెయ్య. ఏడాది దాటిన దూడ, నిగనిగలాడుతోంది. వామి వేసే చోటు ఖాళీగా ఉంది. గోడవార అత్త కూర్చుని తడుముకుంటూ అలసందలు ఒలుస్తోంది. సుగ్గికి తీసుకుపోయే మేస్త్రీ దగ్గర మొగుడు అడ్వాన్సు తీసుకున్నాడట, ఇక పోక తప్పదు.

"రిజర్వు నిధిని ముట్టుకునేందుకు లేదు మా," అన్నాను. "దేవుడు దిగొచ్చినా పంచేకి కాదు."

"దాన్ని అడగలేదు మామా. రెండోది, ఆ మేత నిధి సంగతి అడుగుతాండా. గడ్డి కొనద్దండని గూడా అనలేదు. సుగ్గికి పోయే ముందు కొనండి. బుడ్డలు పీకేటప్పుడు కట్టె శానా అగ్గువ కదా. పోసిన పాలను బట్టి ఎవరి కట్టె వాళ్ళకిచ్చేయండి."

బుడ్డలంటే వేరుశనగ. కట్టె అంటే కాయలు కోశాక మిగిలే ఎండు తీగ. ఎనుములకు దానికన్నా మంచి మేత మా దగ్గర లేదు. ఎండాకాలంలో దాని ధర రెట్టింపు. ఇది కూడా మా తొమ్మిది మందికీ తట్టలేదు.

ఆ రాత్రే రెండో జాబు రాశాను. ఈసారి అర పేజీ. 'నిర్ణయించడమైనది' తీసేసి 'సమావేశం ముందు పెడుతున్నాం' అని రాశాను. రిజర్వు నిధి బైలా ప్రకారం. మేత నిధితో బుడ్డల కోతలప్పుడే కట్టె కొనడం. సుగ్గికి పోయేవాళ్ళు పోకముందే పాసుపుస్తకం చూపించి, పోసిన పాలను బట్టి సగం ధరకు తీసుకోవచ్చు. మిగతాది బోనసు. సమావేశంలో చదివాను. చేతులు లేచాయి. తీర్మానం పుస్తకంలోకెక్కింది. ఆ ఏడు సంఘం నిలిచింది, బండి రోజూ వచ్చింది, ఆమె ఎనుము అమ్మకుండానే గుంటూరు పోయివచ్చింది. ఒక ముసలివాడు తన తప్పు తెలుసుకుని దిద్దుకున్నందువల్ల ఇదంతా జరిగింది.

ఇక్కడికి రాసి బాగుందనుకున్నాను. మొన్న ఆమె పాసుపుస్తకంలో సంతకానికి వస్తే, కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించాను. చివరిదాకా విన్నది.

"బాగుండాది మామా. కానీ ఆ రెండో జాబును మీటింగులో చదివినావని రాసినావే. నువ్వు యాడ చదివినావు? జోబులో పెట్టుకుని కూచున్యావు. సుగ్గికి పోయే ఇండ్లోళ్ళమందరమూ లేచి అరిస్తే అప్పుడు తీసినావు."

"సరే మా, అది మారుస్తా."

"ఇంకొకటి. సగం ధరైనా దుడ్లే కదా. బోనసు తగ్గె, కట్టెకు యాడనుంచి తెచ్చేది? పెయ్యను అమ్ముకున్యా. ఈనింటే ఈ ఏడు నాకు రెండు ఎనుములు ఉండేవి. అది రాయలేదు నువ్వు. రాయి."