నిలబడిన బండి తాగిన గ్యాస్

మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో, ఎడిసన్ అనే ఊళ్లో పెద్దవాళ్ల డే కేర్ సెంటర్ నడుపుతారు. పొద్దున్నే వ్యాన్లు ఇళ్లకు వెళ్లి ముసలివాళ్లను ఎక్కించుకొస్తాయి. మధ్యాహ్నం భోజనం, కాసేపు భజన, కాసేపు బింగో అని అంకెల ఆట. సాయంత్రం మళ్లీ ఎవరింటి దగ్గర వాళ్లను దింపి రావడం. నన్నూ వాళ్లలో కూర్చోబెట్టాలని అమ్మాయి చూసింది గానీ ఆ బింగో నా ఒంటికి పడలేదు. ఊరికే కూర్చుని తినడం ఏనాడూ ఎరగను. ఏదన్నా పని చెప్పమంటే వ్యాన్ల గ్యాస్ లెక్క, అంటే ఇక్కడి పెట్రోలు లెక్క, తెచ్చి నా ముందు పెట్టింది.

నేను చదివింది అయిదో తరగతి. ఈ పనికి చదువు కన్నా ఓపిక కావాలి. ఒక్కో వ్యానుకు ఒక్కో గ్యాస్ కార్డు ఉంటుంది. న్యూజెర్సీలో గ్యాస్ మన చేత్తో మనం పోసుకోకూడదు, బంకు మనిషే పోస్తాడు. డ్రైవర్ కార్డు ఇచ్చి, తన పిన్ నంబరూ, బండి అప్పటిదాకా తిరిగిన మైళ్లూ మెషీన్లో కొడతాడు. ఏ రోజు, ఏ టైముకు, ఏ బంకులో, ఎన్ని గ్యాలన్లు పోయించారన్నది నెలాఖరుకు కార్డు కంపెనీ పంపిస్తుంది. ఇటు డ్రైవర్లు రోజూ రాసే లాగ్ షీట్లు ఉంటాయి. బండి తీసినప్పటి మైళ్లు, ఎవరిని ఎప్పుడు దింపారు, తాళం ఎప్పుడు తెచ్చి పెట్టారు, అన్నీ అందులో ఉండాలి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. సెంటర్ మూసిన రోజున పోయించారా, ట్యాంకు పట్టేదానికన్నా ఎక్కువ పోసినట్టుందా, మన దారిలో లేని బంకా, మెషీన్లో కొట్టిన మైళ్లూ షీటు మీద మైళ్లూ కలుస్తున్నాయా. చివరికి గ్యాలన్‌కు ఎన్ని మైళ్లు వచ్చాయో చూడాలి. ఆ భాగహారం కంప్యూటర్ చేసి పెడుతుంది. తేడా కనపడితే అమ్మాయికి చెప్పడం వరకే నా వంతు.

నేను ఆ పనిలోకి రాకముందు ఒక డ్రైవర్ ఆదివారం పూట సెంటర్ కార్డుతో సొంత కారుకు పోయించుకుని దొరికిపోయాడట. మర్నాడే పనిలోంచి తీసేశారు. సెంటర్‌కు వచ్చేది ప్రభుత్వం డబ్బు, రేపు ఎవరన్నా వచ్చి లెక్క అడిగితే చూపించాలి గనక అందులో దయాదాక్షిణ్యాలు లేవని అల్లుడు చెప్పాడు. సరైన మాటే అనుకున్నాను.

చలి బాగా ముదిరిన నెలలో ఒక వ్యాను మైలేజ్ పడిపోయింది. చలికాలం అన్ని బళ్లకీ కొంత పడుతుంది, ముసలివాళ్లు ఎక్కేముందు లోపల వెచ్చబెట్టాలి కదా. కానీ మిగతావి కాస్త తగ్గితే ఇది మరీ కిందికి పోయింది. ఆదివారం పోయించింది లేదు. ట్యాంకుకు మించింది లేదు. ఎప్పుడూ పోయించే బంకే. మైళ్లు కలిశాయి.

ఆ బండి నడిపేవాడు కరీంనగర్ వైపు కుర్రాడు. వేరే రాష్ట్రంలో ఉండే వాళ్ల అమ్మానాన్నలు కాగితాలు పెట్టి ఈ దేశానికి తెచ్చుకున్నారు. గ్రీన్ కార్డు చేతికొచ్చాక ఊరెళ్లి పెళ్లి చేసుకొచ్చాడు. పెళ్లాం వీసా కాగితాలు ఇంకా వరసలోనే ఉన్నాయి. మాట నెమ్మది. ముసలివాళ్లను మెట్ల దగ్గర చెయ్యి పట్టుకుని దింపుతాడు. మాట నెమ్మదైనంత మాత్రాన చెయ్యి మంచిదవ్వాలని ఎక్కడుంది?

"క్యాన్లో పోయించుకుపోతున్నాడే వీడు," అన్నాను అమ్మాయితో.

"ప్రూఫ్ లేకుండా అలా అనకమ్మా. బండిలోనే ప్రాబ్లమ్ ఉందేమో. టూ వీక్స్ వ్యాన్లు స్వాప్ చేద్దాం."

అది తెలివైన పనే. అతని బండి ఇంకొకరికిచ్చి, వాళ్లది అతనికిచ్చారు. రెండు వారాలకు అతని పాత బండి మైలేజ్ బాగుపడింది, అతని చేతికి వచ్చిన బండిది పడిపోయింది. తేడా బండిలో లేదు, మనిషిలోనే ఉందని తేలిపోయింది. నేను చెప్పలేదా అన్నట్టు చూశాను.

అమ్మాయి నావైపు చూడకుండా వ్యాన్ ఎక్కి, స్టీరింగ్ మీద ఏవో బటన్లు నొక్కి, దాని వెనక అద్దంలో వచ్చిన అంకెలు చూసింది. ఇంజను మొత్తం ఎన్ని గంటలు తిరిగిందో, అందులో కదలకుండా ఎన్ని గంటలు తిరిగిందో ఆ బండే చెబుతుందట. మిగతా వ్యాన్లలో కూడా చూసి వచ్చింది.

"క్యాన్ లేదు, ఏం లేదు. గ్యాస్ బండిలోనే కాలుతోంది. రోజూ చాలాసేపు ఎక్కడో పార్క్ చేసి, ఇంజన్ ఆన్‌లో పెడుతున్నాడు."

"ఎక్కడ?"

"అదే తెలీదు. జీపీఎస్ పెట్టిద్దామంటే నువ్వే కదా నెలనెలా దండగ అన్నావు."

అన్నాను. ఇప్పుడైనా అంటాను.

లాగ్ షీట్లు మళ్లీ తీశాను. చివరి మనిషిని దింపిన టైముకూ, తాళం పెట్టెలో వేసిన టైముకూ మధ్య మిగతా డ్రైవర్లకు బండి ఊడ్చుకునేంత సేపు పడుతుంది. ఇతనికి గంట పైనే. దాచలేదు, ఉన్నదున్నట్టే రాశాడు. అడిగేవాళ్లు లేక అలా పోయింది. ఆ వేళకు మేమంతా ఇంటికి వెళ్లిపోయి ఉంటాం.

మర్నాడు సాయంత్రం, ఎల్లుండి ఇడ్లీకి పప్పు నానబోయాలని చెప్పి నేను వంటగదిలో ఆగిపోయాను. అమ్మాయి ఓక్ ట్రీ రోడ్డులో సరుకులు కొనుక్కుని వచ్చి తీసుకెళ్తానంది. అందరూ వెళ్లిపోయాక వెనక తలుపు అద్దంలోంచి చూద్దును కదా, వ్యాను మన స్థలంలోనే, చెత్తడబ్బాల అవతల ఆగి ఉంది. వెనక గొట్టంలోంచి తెల్లగా పొగ. కోటు వేసుకుని వెళ్లి అద్దం మీద కొట్టాను.

ముందు ఫోన్ నిలబెట్టి ఉంది. అందులో ఒక వంటిల్లు. ఒక పిల్ల జడ వేసుకోకుండా పొయ్యి దగ్గర నిలబడి ఉంది. అక్కడ ఇంకా తెల్లవారలేదు. నన్ను చూసి గబగబా జుట్టు ముడేసుకుని, "నమస్తే పెద్దమ్మా" అంది. అతను ఇంజను ఆపేశాడు.

"ఏం చేస్తున్నావు ఇక్కడ?"

"ఏం లేదు పెద్దమ్మా. మా ఇంటామెతోని మాట్లాడుతున్న."

"రూముకు పోయి మాట్లాడుకోకూడదా?"

"రూమ్‌ల ముగ్గురం ఉంటం. ఒకడు నైట్ డ్యూటీకి పోయేటోడు, అప్పుడు పండుకొని ఉంటడు. ఇంకొకడు ఫోన్ల తల పెట్టి 'వదినా, ఏం కూర?' అంటడు. ఇగ ఏం మాట్లాడాలె?"

"రోజూ గంటసేపు ఏముంటాయి మాటలు?"

"మాటలేముంటయి పెద్దమ్మా. ఆమె చాయ్ పెట్టుకుంటది. నేను చూస్తుంట."

ఫోన్లో ఆ పిల్ల తల వంచుకుంది.

"ఇంజను ఎందుకు ఆపవు?"

"చలికి ఫోన్ గూడ ఆరిపోతది. చేతులు కొంకర్లు పోతయి." తర్వాత మెల్లగా అడిగాడు. "అక్కకు చెప్తరా?"

"చెప్తాను," అన్నాను. "లెక్క నా చేతిలో ఉంది. చెప్పకపోతే నేనూ దొంగనే."

"ఉద్యోగం పోతే ఆమె కాగితాలు ఆగిపోతయి పెద్దమ్మా. జీతం చూపియ్యాలె."

వంటగదిలోకి వచ్చి పప్పు కడిగాను. కడిగిన పప్పే మళ్లీ కడిగాను.

మా ఆయన బతికి ఉన్నప్పుడు మేమిద్దరం మాట్లాడుకున్నది కూడా కారులోనే. అమ్మాయి ఇల్లు పెద్దదే. అయితే వంటిల్లు, హాలు, మేడమెట్లు అన్నీ ఒకదానిలోకి ఒకటి తెరుచుకుని ఉంటాయి. ఇక్కడ దగ్గితే అక్కడ వినపడుతుంది. మేము గొంతు చిన్నది చేసి మాట్లాడేవాళ్లం కాదు, అలా మాట్లాడటం మాకు రాదు. ఇంట్లో పిల్లల ముందు రెండు మాటలకు మించి అనుకునేవాళ్లం కాదు. సాయంత్రం కాగానే ఆయన తాళం తీసుకుని, "రా, అలా వెళ్లొద్దాం" అనేవారు. వెళ్లేది ఎక్కడికీ లేదు. డ్రైవ్‌వేలోనే కారు, కారులో మేము. మా అక్క కూతురి పెళ్లిలో ఎవరు అలిగారో, ఊళ్లో మిరప ధర ఎంత పలికిందో, ఆయన బీపీ మాత్ర మింగారో లేదో. ఎక్కువ భాగం పోట్లాటే.

"ఇంజను ఆపండి, గ్యాస్ దండగ," అనేదాన్ని.

"ఆపితే మాటలు చల్లారిపోతాయే," అనేవారు.

ఎన్నిసార్లు అన్నా ఆపేవారు కాదు. ఆయన పోయాక ఆ కారు అమ్మేయమని చెప్పింది నేనే. నడిపే మనిషి లేని కారుకు ఇన్సూరెన్స్ కట్టడం ఏమిటి? అమ్మేశారు. ఆ కారు మీద నాకు మమకారం ఏమీ లేదు. ఆ వేళ అయ్యేసరికి మాత్రం ఇంట్లో ఎక్కడ కూర్చోవాలో ఇప్పటికీ తెలియదు.

దారిలో అమ్మాయికి అంతా చెప్పాను.

"ఐడ్లింగ్ కూడా మిస్‌యూజే కదమ్మా. ఇక్కడ మూడు నిమిషాలు దాటి ఇంజన్ ఆన్‌లో పెడితే ఫైన్ వేసి టికెట్ ఇస్తారు తెలుసా? ఒకళ్లని తీసేసి, ఇంకొకళ్లని ఎలా వదలను?"

"వదలమనలేదు. ఆ డబ్బు జీతంలో పట్టుకో."

"జీతంలో కట్ చేయడానికి ఇక్కడ రూల్స్ ఒప్పుకోవు."

"అయితే కాగితం ఇవ్వు. తప్పు చేశాడని రాసి సంతకం పెట్టించుకో. ఆ ముందువాడు మన గ్యాస్ సొంత కారులో పోసుకున్నాడు. ఇతను సొంతానికి గుక్కెడు పట్టుకుపోలేదు, తప్పుడు అంకె ఒక్కటి వేయలేదు. రెండూ ఒకటే ఎలా అవుతాయి?"

"మళ్లీ చేస్తే?"

"ఎందుకు చేస్తాడు? పైపులు గడ్డకట్టకుండా సెంటర్ హాల్లో హీటరు రాత్రంతా తిప్పుతూనే ఉంటారు కదా. ఎవరూ లేని గదికి వెచ్చదనం ఎందుకు? అక్కడ కూర్చుని మాట్లాడుకోమను."

అది నవ్వింది. "ఎక్కడికెళ్లినా నీకు దండగే కనిపిస్తుంది."

అల్లుడు ఒక రోజంతా ఆలోచించాడు. ఆ తర్వాత కాగితం రాసి సంతకం పెట్టించుకున్నాడు, హాలు తాళం ఇచ్చాడు. కుర్రాడు ఉద్యోగంలో ఉన్నాడు. హాలు మరీ పెద్దదని, ఇద్దరూ మైకులో మాట్లాడుకున్నట్టుందని మొదట్లో గొణిగాడు. తర్వాత బింగో బల్లల వెనక మూల వెతుక్కున్నాడు. ఒకరోజు నేను ఏదో మరిచిపోయి లోపలికి వెళ్తే వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం లేదు. ఆమె ఏదో తరుగుతోంది, ఇతను చూస్తున్నాడు. చప్పుడు కాకుండా వచ్చేశాను.

మరుసటి నెల లెక్క వచ్చింది. అతని వ్యాను మైలేజ్ మిగతా వాటి పక్కకు చేరింది. మంచిదే. నేను కాగితాలు సర్దేసి, ఇంటికి వచ్చి, అన్నాలు అయ్యాక అమ్మాయిని కారు తాళం అడిగాను.

"ఎక్కడికమ్మా? నీకు డ్రైవింగ్ రాదు కదా."

"ఎక్కడికీ కాదు."

వెళ్లి ఎప్పుడూ నేను కూర్చునే వైపు సీట్లో కూర్చున్నాను. డ్రైవ్‌వే మీద మంచు గట్టిపడి ఉంది. పక్క సీటు ఖాళీ. నోరు తెరిస్తే ఆవిరి వస్తోంది, మాట రావడం లేదు. ఎంతసేపయిందో, అమ్మాయి చెప్పులతోనే బయటికి వచ్చి, డ్రైవర్ వైపు తలుపు తీసి, నా పక్కన కూర్చుంది. నేను వణకడం చూసి ఇంజను వేసింది. కాళ్ల దగ్గర వెచ్చగా గాలి మొదలైంది.

"ఆపవే, గ్యాస్ దండగ," అన్నాను.

అది వెంటనే ఆపేసింది.

ఆయనైతే ఆపేవారు కాదు.