కోపమంతా తీసేసిన ఉత్తరం

నా జీవితంలో నేను సొంతంగా రాసిన ఉత్తరం ఒక్కటే. ఎనిమిదో తరగతిలో కడుపునొప్పి అని రాసిన సెలవు చీటీ. అది చదివిన మాస్టారు ఎంత కదిలిపోయాడో గానీ, ఆ తర్వాత నేను బడి మొహం చూడాల్సిన అవసరమే రాలేదు. కాబట్టి కరెంటాఫీసుకి ఉత్తరం రాసి గెలిచానని నేను చెబితే మావాళ్ళెవరూ నమ్మరు. నమ్మకపోయినా చెబుతాను.

నేను మద్రాసు కోడంబాక్కంలో సినిమా షూటింగులకి లైట్లు మోసే మనిషిని. పగలంతా ఒక వీధికి సరిపడా కరెంటు నా చేతుల మీదుగా పోతుంది, ఒక్కనాడూ బిల్లు చూసిన పాపాన పోలేదు. అలాంటిది ఎండలు ముదిరిన రోజుల్లో మా ఇంటి రెండు నెలల బిల్లు ఫోనుకి వస్తే, ఎవరిదో పొరపాటున వచ్చిందనుకున్నాను. మామూలుగా వచ్చేదానికి ఎన్నో రెట్లు. మా ఊళ్ళో యూనిట్లు ఒక గీత దాటితే పై యూనిట్లకే కాదు, కింద వాటికి కూడా రేటు మారుతుంది. మేం ఆ గీత ఎప్పుడూ దాటలేదు. ఇంట్లో ఉన్నవి రెండు ఫ్యాన్లు, ఒక ఫ్రిడ్జి, ఒక టీవీ, మా ఆవిడ గ్రైండరు. ఏసీ సంగతి ఎత్తితే మా గోడలే నవ్వుతాయి.

పై వాటాలో ఉండే ఇంటాయన మెట్లు దిగుతూ బిల్లు సంగతి విని ఊరుకోలేదు.

"ఏంప్పా, పెద్దామె పగలంతా ఫ్యాను కిందే కదా. ఆడికి పోయి అరిస్తే ఏమొస్తుంది? కట్టేయ్."

మా అమ్మ లోపలినుంచి విన్నది. కాసేపటికి ఫ్యాను ఆగిన చప్పుడు వినిపించింది. ఫ్యాను తిరిగేటప్పుడు చప్పుడు వినపడదు గానీ, ఆగినప్పుడు వినపడుతుంది. అమ్మ విసనకర్ర పట్టుకుని బయటికొచ్చి మెట్ల కింద కూర్చుంది.

"ఆడేం చేస్తా ఉండావమ్మా, లోపలికి రా" అన్నాను.

"ఈడ గాలి బాగుండాది లేరా."

గాలీ లేదు, ఏమీ లేదు. ఆ మెట్ల కింద మా మీటరు తప్ప ఇంకేం లేదు. మర్నాడూ అంతే. పొద్దున ఫ్యాను వేస్తే, నేను అటు తిరగ్గానే ఆపేసింది. ఆ బిల్లు తప్పని ఎవరైనా కాగితం మీద ఒప్పుకుంటే తప్ప ఆమె ఇక ఫ్యాను కింద కూర్చోదని నాకు అర్థమైంది.

షూటింగులో కుర్రకారు ఫోనులో ఏఐని అడిగి అన్నీ రాయించుకుంటారు. నేనూ ఫోను తీశాను. బిల్లులో ఉన్నదంతా అందులో అతికించాను. దాని కింద నా భాషలో నాలుగు ముక్కలు కొట్టాను. దొంగలు, కళ్ళు లేని వెధవలు, మీ మీటర్లు కాల్చాలి, మీవల్ల మా అమ్మ ఎండలో ఫ్యానాపుకొని కూర్చుంది. అరవంలో ఉత్తరం రాయమన్నాను.

రాసింది. ఎంత మర్యాదగా రాసిందంటే, అది నా ఉత్తరమేనా అని సందేహమొచ్చింది. దొంగలు పోయారు, వెధవలు పోయారు, కాల్చడం పోయింది. పాత బిల్లుల కంటే యూనిట్లు ఇంతగా పెరగడానికి ఇంట్లో కారణం కనిపించడం లేదని, రీడింగు మళ్ళీ చూసి బిల్లు సరిచేయమని, అంతవరకు సరఫరా ఆపవద్దని ఉంది. నా ముక్కల్లో ఒక్కటే మిగిలింది: "ఈ బిల్లు వచ్చినప్పటి నుంచి మా అమ్మ ఎండలో కూడా ఫ్యాను వేసుకోవడం లేదు."

"నా కోపం ఎక్కడ పెట్టావు?" అని అడిగాను.

"ఉత్తరం చదివే అధికారి తప్పు చేసిన మనిషి కాకపోవచ్చు. తిట్లుంటే అసలు విషయం పక్కకి పోతుంది. ఈ రోజు మీటరులో ఎంత ఉందో నాకు తెలియదు, అందుకే ఖాళీ వదిలాను. మీరు చూసి నింపండి" అని జవాబు.

మధ్యాహ్నం మీటరు దగ్గరికి పోయాను. మెట్ల సందులోంచి ఎండ సరిగ్గా దాని అద్దం మీద పడుతోంది. కళ్ళు చికిలించి గట్టిగా చదివాను. వందల అంకె ఎనిమిది. బిల్లులోనూ ఎనిమిదే. ఆ అంకెలు తీసుకుపోయి ఫోనుకిచ్చాను.

"ఈ లెక్కన బిల్లు మీటరుతో సరిపోతోంది. రీడింగు తప్పని రాస్తే నిలబడదు. మీటరుకి పరీక్ష చేయమని అడగవచ్చు. అంతకుముందు, వీలైతే వేరే వేళలో ఇంకోసారి చూసి ఫోటో తీయండి" అంది.

"నువ్వు కూడా వాళ్ళ మనిషివే" అని ఫోను పక్కన పడేశాను.

సాయంత్రం అమ్మకి కాఫీ ఇస్తుంటే, విసనకర్రతో మీటరు వైపు చూపించింది. పూలమ్మిన మనిషి, అంకెల దగ్గర ఆమెని మోసం చేయడం ఎవరి వల్లా కాలేదు.

"మధ్యాహ్నం ఎనిమిదని అరుస్తా పోయినావే, ఏదిరా ఎనిమిది? అది మూడు కదా!"

వంగి చూశాను. మూడు. నీడలో తెల్లగా, స్పష్టంగా మూడు. ఎండ పడినప్పుడు అద్దం మీది గీతలు మెరిసి, మూడుకి ఎడమ వైపు మూసేసి ఎనిమిది చేస్తున్నాయి. రీడింగు మనిషి వచ్చేది కూడా మిట్టమధ్యాహ్నమే. కెమెరా అద్దం మీద వెలుగు పడకుండా నల్లపలక అడ్డం పెట్టడం కూడా రోజూ నా పనే. ఇంట్లో మాత్రం నా కంటికి నా చెయ్యి అడ్డం పెట్టుకోవాలని తోచలేదు!

మర్నాడు మధ్యాహ్నం రెండు ఫోటోలు తీశాను. ఎండలో ఒకటి, అరచెయ్యి అడ్డం పెట్టి ఒకటి. ఖాళీలో సరైన అంకె నింపించి, ఉత్తరం అచ్చు తీయించి, రెండు కాపీల మీదా సంతకం చేసి ఆఫీసుకి పోయాను.

అసిస్టెంట్ ఇంజినీరు ఒక ఆడమనిషి. అరుపులు వినడానికి సిద్ధంగా మొహం బిగించుకునే కాగితం తీసుకుంది. చదువుతూ చదువుతూ మొహం వదులైంది. ఫోటోలు చూసింది.

"బిల్లులో ఉన్న అంకె కంటే ఈరోజు మీటరులో అంకె తక్కువుంది. మీటరు వెనక్కి తిరగదు కదా" అని అరవంలో తనే అనేసింది. నా కాపీ మీద ముద్ర వేసి ఇస్తూ, "సరి చేసేదాకా కరెంటు తీయరు. అమ్మని ఫ్యాను వేసుకోమని చెప్పండి" అంది.

చెప్పాను. అమ్మ వేసుకోలేదు. "సరైన బిల్లు రానీ" అంది.

మర్నాడు ఆఫీసు మనిషి వచ్చాడు. అరచెయ్యి అడ్డం పెట్టి చదివాడు, ఫోటో తీసుకున్నాడు, అద్దం తుడిచి వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే సరిచేసిన బిల్లు ఫోనుకొచ్చింది. ఎప్పటి బిల్లే. నేను ముందు పై వాటాకి ఎక్కి ఇంటాయనకి చూపించాను. గట్టిగా, కిందికి వినపడేలా చదివాను. ఆయన కళ్ళజోడు వెతుక్కుంటున్నట్టు లోపలికి పోయాడు.

దిగొచ్చేసరికి అమ్మ లోపల ఉంది. ఫ్యాను తిరుగుతోంది. ఆమె కొంగు చివర ఎగురుతోంది. లైట్లన్నీ వెలిగించి హీరోని నిలబెట్టినప్పుడు కూడా నాకంత గొప్పగా అనిపించలేదు.

"చూసినావా అమ్మా, నా ఉత్తరం! ఎనిమిదో తరగతితో ఆపేసినోడు ఆఫీసునే తిప్పేసినాడు" అన్నాను, చొక్కాతో మొహం తుడుచుకుంటూ.

అమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఉత్తరం ఫోను రాసింది. అంకె నేను చూసినాను. ఒక్క సంతకానికే ఇంత చెమటా నీకు? రా, ఫ్యాను కింద కూసో."